ఇద్దరే భాగస్వాములైన కారం మిల్లు: పెట్టుబడి, లాభాల వాటా, విడిపోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో కారం మిల్లు పెట్టబోతున్న బావ, బావమరిది ఒక భాగస్వామ్య ఒప్పందం చిత్తుప్రతి పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. ఎవరిదో పాత డీడ్ తీసుకుని పేర్లు, చిరునామా మార్చి టైపు చేయించిన మూడు పేజీలు అవి. అందులో ‘ఒక భాగస్వామి విరమించినచో మిగిలిన భాగస్వాములు వ్యాపారమును కొనసాగించెదరు’ అని ఉంది. ఉన్నదే ఇద్దరు. ఒకరు వెళ్లిపోతే మిగిలేది ఒక్కరు. ఆ ఒక్కరిని చట్టం భాగస్వామి అనదు. ఆ వాక్యం దగ్గర మొదలైన మాటలు సాయంత్రం దాకా సాగాయి. వారు అడిగిన ప్రశ్నలే దాదాపు ప్రతి ఇద్దరు భాగస్వాములూ అడుగుతారు కాబట్టి వాటిని, నేను చెప్పిన జవాబులను ఇక్కడ రాస్తున్నాను. అంకెలను మాత్రం సులువుగా అర్థమయ్యేలా గుండ్రంగా మార్చాను.

వారి ఏర్పాటు ఇది. బావగారు 12 లక్షల రూపాయలు పెడతారు. బావమరిది తన దగ్గరున్న, కారం పట్టే పల్వరైజర్ యంత్రాన్ని 2 లక్షలకు లెక్కకట్టి, దానికి లక్ష రూపాయల నగదు కలుపుతాడు. షెడ్డు బావగారిది. మిర్చి మార్కెట్ యార్డులో కాయ కొనడం, తొడిమలు తీయించడం, కారం పట్టించడం, అమ్మడం అంతా బావమరిది చూసుకుంటాడు. లాభం చెరి సగం.

మేము బంధువులం. అన్నీ రాసుకోకపోతే ఏమవుతుంది?

మీరు రాయని ప్రతి చోటా 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం తన మాట తాను చెబుతుంది. ఆ మాట మీరు మనసులో అనుకున్నది కాకపోవచ్చు. చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా లేకపోతే లాభం సమానం, నష్టం కూడా సమానం. ఎవరు ఎంత పెట్టుబడి పెట్టారన్నది చూడరు. వ్యాపారం నడిపినందుకు జీతం అడిగే హక్కు ఎవరికీ లేదు. పెట్టుబడి మీద వడ్డీ కూడా లేదు.

అంటే బావగారు 12 లక్షలు పెట్టినా, బావమరిది ఏడాదంతా మిల్లులోనే ఉన్నా, రాతలో ఏమీ లేకపోతే ఇద్దరి లెక్కా ఒకటే. ఏడాది 7,80,000 లాభం వస్తే చెరి 3,90,000. ఒకరికి సొమ్ము పెట్టిన విలువ దక్కలేదు, మరొకరికి ఒళ్లు వంచిన విలువ దక్కలేదు. బంధువుల మధ్య మనసులు విరిగేది ఎక్కువగా ఇక్కడే. మొదటి ఏడాది ఎవరూ పైకి అనరు. రెండో ఏడాది పండక్కి అందరూ కలిసినప్పుడు బయటపడుతుంది.

పన్నెండు లక్షలు పెట్టాను. లాభంలో నాకు ఎక్కువ వాటా రావద్దా?

ఎక్కువ రావాలి. దానికి లాభాల నిష్పత్తినే మార్చాలని ఏమీ లేదు. మూడు వేర్వేరు విషయాలను ఒకే నిష్పత్తిలో ఇరికించడం వల్లే చిక్కు వస్తుంది. సొమ్ముకు ఇవ్వాల్సింది వడ్డీ. శ్రమకు ఇవ్వాల్సింది జీతం. ఆ రెండూ ఇచ్చాక మిగిలినది, ఇద్దరూ కలిసి తెగించినందుకు వచ్చిన లాభం. దాన్ని చెరి సగం పంచుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు.

అదే 7,80,000 లాభాన్ని ఇలా విడదీసి చూద్దాం. పెట్టుబడి మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అని రాసుకుంటే బావగారికి 1,44,000, బావమరిదికి 36,000. మిల్లు నడిపినందుకు బావమరిదికి నెలకు 20,000 చొప్పున 2,40,000. ఇవన్నీ తీస్తే మిగిలేది 3,60,000. దీని మీద సంస్థ ఆదాయపు పన్ను కట్టాలి. భాగస్వామ్య సంస్థకు 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు కలిపి 1,12,320 అవుతుంది. మిగిలిన 2,47,680 చెరి సగం పంచితే ఒక్కొక్కరికి 1,23,840.

మొత్తం కలిపితే బావగారికి 2,67,840, బావమరిదికి 3,99,840. పంచిన లాభపు వాటా మీద భాగస్వాములు మళ్లీ పన్ను కట్టనక్కరలేదు. జీతం, వడ్డీ మాత్రం వారి వారి ఆదాయంలో కలుస్తాయి.

ఈ అంకెలు బల్ల మీద పెట్టినప్పుడు బావగారు కాసేపు చూసి, ‘నాకంటే వాడికే ఎక్కువ వస్తోంది కదా’ అన్నారు. అవును, వస్తోంది. ఆ తేడా అంతా జీతం వల్ల వచ్చినదే. ఆ పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇస్తారని అడిగాను. ఆయనే 25,000 అన్నారు. ఇక ఆ మాట అక్కడితో ఆగిపోయింది. జీతం ఎంతన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

వడ్డీ, జీతం మా ఇష్టం వచ్చినంత రాసుకోవచ్చా?

మీ మధ్య ఎంతైనా రాసుకోవచ్చు. ఆదాయపు పన్ను లెక్కలో సంస్థ ఖర్చుగా ఒప్పుకునేది మాత్రం ఒక హద్దు వరకే. వడ్డీకి ఆ హద్దు ఏడాదికి 12 శాతం, అదీ సాధారణ వడ్డీ. జీతం నిజంగా పని చేసే భాగస్వామికే చెల్లుతుంది. వడ్డీ తీసేశాక, జీతం తీయక ముందు ఉన్న లాభంలో తొలి 6 లక్షల వరకు 3 లక్షలు గానీ, 90 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత. ఆ పైన ఉన్న లాభంలో 60 శాతం. మన ఉదాహరణలో ఆ లాభం సరిగ్గా 6 లక్షలు, హద్దు 5,40,000. కాబట్టి 2,40,000 జీతానికి ఇబ్బంది లేదు.

ఒక్క షరతు మరవకండి. ఈ జీతం ఎంతో, లేదా ఎలా లెక్కకట్టాలో డీడ్‌లో ఉండి తీరాలి. ‘భాగస్వాములు ఎప్పటికప్పుడు అనుకున్న ప్రకారం’ అని వదిలేస్తే ఆ ఖర్చును పన్ను అధికారి తోసిపుచ్చే వీలుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి మరొకటి కూడా వచ్చింది. ఒక భాగస్వామికి ఏడాదిలో ఇచ్చే జీతం, వడ్డీ కలిపి 20,000 దాటితే సంస్థ 10 శాతం పన్ను ముందే మినహాయించి కట్టాలి.

లాభం రాని ఏడాది వడ్డీ, జీతం సంగతి ఏమిటి?

పెట్టుబడి మీద వడ్డీ లాభంలోంచి మాత్రమే ఇవ్వాలని చట్టమే అంటుంది. లాభం లేకపోతే ఆ ఏడాది వడ్డీ లేదు. జీతం విషయంలో మీరే తేల్చుకోవాలి. మిల్లు నడిపే మనిషికి ఇల్లు గడవాలి కాబట్టి, నష్టం వచ్చిన ఏడాది కూడా కనీసం ఇంత ఇవ్వాలని రాయడమే నాకు న్యాయంగా తోస్తుంది. వారు నెలకు 12,000 అని రాసుకున్నారు.

అసలు నష్టమే వస్తే ఎవరు ఎంత భరించాలి?

అన్నిటికంటే ప్రమాదకరమైన ఖాళీ ఇదే. ‘లాభనష్టాలు చెరి సగం’ అని ఒక్క ముక్కలో రాసేస్తారు. లాభం వరకు బాగానే ఉంటుంది. నష్టం దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం ఏం చేస్తుందో చూడండి.

మిల్లు కలిసి రాలేదు, మూసేశారు అనుకుందాం. అన్నీ అమ్మి, బ్యాంకుకు, వ్యాపారులకు కట్టాల్సినవి కట్టేశాక చేతిలో 7 లక్షలు మిగిలాయి. పెట్టిన పెట్టుబడి 15 లక్షలు. అంటే 8 లక్షల నష్టం. చెరి సగం అని రాసుకున్నారు కాబట్టి ఒక్కొక్కరి మీద 4 లక్షలు పడుతుంది. బావగారి 12 లక్షల్లో 4 పోతే ఆయనకు 8 లక్షలు రావాలి. బావమరిది పెట్టినది 3 లక్షలే. అది మొత్తం పోవడమే కాదు, ఇంకో లక్ష రూపాయలు ఎక్కడి నుంచైనా తెచ్చి బావగారికి ఇవ్వాలి. ఇన్నేళ్ల శ్రమ పోయింది, యంత్రం పోయింది, పైగా అప్పు మిగిలింది. చట్టంలోని 48వ సెక్షన్ ప్రకారం ఇది సరైన లెక్కే. పెట్టుబడిలో పడిన లోటు కూడా నష్టమే, దాన్ని లాభాల నిష్పత్తిలోనే భరించాలని ఆ సెక్షన్ చెబుతుంది.

ఇద్దరూ ఇలా అనుకుని ఉండరు. అందుకే నష్టానికి వేరే వాక్యం రాయండి. ‘పెట్టుబడిలో పడిన నష్టాన్ని పెట్టుబడుల నిష్పత్తిలో భరించాలి’ అని ఉంటే అదే 8 లక్షలు 12కు 3 చొప్పున, అంటే నాలుగుకు ఒకటి చొప్పున పంచుతారు. బావగారికి 6,40,000 నష్టం, చేతికి 5,60,000. బావమరిదికి 1,60,000 నష్టం, చేతికి 1,40,000. ఎవరూ ఎదురు ఇవ్వక్కరలేదు. ఏది న్యాయమో నేను చెప్పను, అది మీ ఇద్దరి మధ్య మాట. రెండు లెక్కలూ వేసి చూసుకున్నాకే సంతకం పెట్టండి అని మాత్రం చెబుతాను.

ఇది మీ ఇద్దరి మధ్య ఒప్పందం మాత్రమే. బ్యాంకుకో, సరుకు ఇచ్చిన వ్యాపారికో ఈ నిష్పత్తితో పని లేదు. సంస్థ బాకీ మొత్తాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసే హక్కు వారికుంటుంది. కట్టినవారు తర్వాత రెండోవారి దగ్గర వాటా రాబట్టుకోవాలి.

నా యంత్రం పెట్టుబడిగా పెడుతున్నాను. విడిపోతే నా యంత్రం నాకు వస్తుందా?

మిషను మీదే కాబట్టి విప్పుకుని తీసుకుపోవచ్చని చాలామంది అనుకుంటారు. పెట్టుబడిగా పెట్టిన రోజు నుంచి అది సంస్థ ఆస్తి. మీ ఖాతాలో 2 లక్షలు జమ ఉంటుంది, యంత్రం మాత్రం మీది కాదు. తిరిగి కావాలనుకుంటే, విడిపోయే రోజు ఉన్న ధరకు కొనుక్కునే మొదటి హక్కు మీకు ఉంటుందని రాయించుకోండి. యంత్రం ఏ కంపెనీది, ఎన్ని గుర్రాల మోటారు, దాని మీద ఉన్న నంబరు, 2 లక్షలకు ఎలా లెక్కకట్టారు అన్నవి డీడ్ వెనుక ఒక పట్టికగా జతచేయాలి.

షెడ్డు సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. బావగారు దాన్ని పెట్టుబడిగా ఇవ్వడం లేదు, వాడుకోనిస్తున్నారు అంతే. పత్రంలో ఆ ముక్క లేకపోతే, పదేళ్ల తర్వాత అది సంస్థ ఆస్తేనన్న వాదన రావచ్చు. ‘షెడ్డు మొదటి భాగస్వామి సొంత ఆస్తి, నెలకు ఇంత అద్దెకు ఇచ్చారు, సంస్థ రద్దయిన తర్వాత ఇన్ని నెలల్లో ఖాళీ చేయాలి’ అని రాయాలి. ఆ ఖాళీ చేసే గడువు బావమరిదికి ప్రాణం లాంటిది. బావగారు విడిపోయిన మర్నాడే తాళం వేస్తే మిల్లు ఎక్కడ పెట్టుకుంటాడు? వారు ఆరు నెలలు అనుకున్నారు.

సీజనులో కాయ కొనడానికి ఇంకో అయిదు లక్షలు వేస్తాను. అది పెట్టుబడా, అప్పా?

ఏ పేరు పెడితే అదే. పేరు పెట్టకపోతేనే గొడవ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డుకు కాయ ఎక్కువగా వస్తుంది. ఏడాదికి సరిపడా కొని కోల్డ్ స్టోరేజీలో వేసుకోవాలంటే అప్పుడే సొమ్ము కావాలి. బావగారు ఫోనులో ‘సరే, పంపిస్తున్నాను’ అని అయిదు లక్షలు వేస్తారు. పుస్తకాలు రాసే అబ్బాయి దాన్ని పెట్టుబడి ఖాతాలో జమ చేస్తాడు. ఇక అక్కడి నుంచి పెట్టుబడుల నిష్పత్తి మారిపోయింది, నష్టం పంచుకునే లెక్కా మారిపోయింది. ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

అనుకున్న పెట్టుబడికి మించి వేసిన సొమ్మును చట్టం అప్పుగానే చూస్తుంది. రాతలో వేరే రేటు లేకపోతే 6 శాతం వడ్డీ ఇస్తుంది. సంస్థ మూసేటప్పుడు బయటి బాకీలు తీరాక, ఎవరి పెట్టుబడీ తిరిగి ఇవ్వక ముందే ఈ అప్పు తీర్చాలి. కాబట్టి అదనంగా వేసేది అప్పుగానే ఉండాలని, దానికి వేరే ఖాతా తెరవాలని, కొన్న సరుకు అమ్ముడయ్యే కొద్దీ ముందు అదే తీర్చాలని రాయడం మంచిది. పెట్టుబడి ఖాతాను 12 లక్షలు, 3 లక్షల దగ్గరే కదలకుండా ఉంచి, వడ్డీ, జీతం, లాభం, సొంత వాడకాలు అన్నీ రెండో ఖాతాలో నడపండి. సొమ్ము వేసేది, తీసేది బ్యాంకు ద్వారానే జరగాలి.

ఒకరు వెళ్లిపోవాలనుకుంటే ఎలా?

డీడ్‌లో గడువు లేకపోతే అది ‘ఇష్టం ఉన్నంత కాలం’ నడిచే భాగస్వామ్యం. ఇద్దరిలో ఎవరైనా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి సంస్థను రద్దు చేయవచ్చు. నోటీసులో తేదీ వేస్తే ఆ తేదీ నుంచి, వేయకపోతే నోటీసు అందిన రోజు నుంచి రద్దు. మార్చి నెలలో, కోల్డ్ స్టోరేజీ నిండా సరుకు, బ్యాంకు ఖాతా నిండా అప్పు ఉన్నప్పుడు ఇలాంటి నోటీసు వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకని కనీసం మూడేళ్ల గడువు, ఆ తర్వాత ఆరు నెలల ముందస్తు నోటీసు, లెక్క తేల్చే రోజు ఎప్పుడూ మార్చి 31 అని రాయించాను.

ఇద్దరి సంస్థలో ఒకరు వెళితే సంస్థే ఉండదని మొదట్లో చెప్పాను. 1965లో ఒకసారి, 2010లో మరోసారి సుప్రీంకోర్టు, ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు మరణిస్తే డీడ్‌లో ఏం రాసి ఉన్నా సంస్థ రద్దయినట్టేనని చెప్పింది. విరమణకూ తర్కం అదే. కాబట్టి ‘కొనసాగిస్తారు’ అన్న మాటకు బదులు, ఉన్న వ్యాపారాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకునే హక్కును రాయాలి. వారి డీడ్‌లో ఆ భాగం ఇలా మారింది:

‘ఏ కారణం చేతనైనా సంస్థ రద్దయినప్పుడు, ఉండదలచిన భాగస్వామికి సంస్థ ఆస్తులను, అప్పులను, పేరును, వ్యాపారాన్ని మొత్తంగా తన సొంత వ్యాపారంగా తీసుకునే హక్కు ఉంటుంది. వెళ్లే భాగస్వామికి లేదా ఆయన వారసులకు ఈ కింద చెప్పిన పద్ధతిలో లెక్కకట్టిన సొమ్ము చెల్లించాలి. ఇద్దరూ తీసుకోదలిస్తే వారి మధ్య పాట జరగాలి. ఎక్కువ పాడినవారికి వ్యాపారం దక్కుతుంది.’

ఈ నాలుగు వాక్యాలు లేకపోతే చివరి దారి సరుకు, యంత్రం, అన్నీ విడివిడిగా తెగనమ్మడమే. నడుస్తున్న మిల్లుకు, విప్పేసిన మిల్లుకు ధరలో ఎంత తేడా ఉంటుందో ఆటోనగర్‌లో పాత ఇనుము కొనేవారిని అడిగినా చెబుతారు.

వ్యాపారం ఒక్కరి చేతికి వచ్చాక పాన్ మారుతుంది. దానితో కొత్త జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ కావాలి. పాతదాంట్లో మిగిలిన పన్ను జమను ఐటీసీ-02 ఫారం ద్వారా మార్చుకోవాలి. ఆహార భద్రత లైసెన్సు, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా కూడా మార్చుకోవాలి. ఇదంతా పూర్తయ్యే దాకా వెళ్లే భాగస్వామి సంతకాలకు సహకరించాలని కూడా ఒక వాక్యం పెట్టండి.

వెళ్లేవారికి ఇవ్వాల్సిన సొమ్ము ఎలా లెక్కకట్టాలి?

మూడేళ్ల తర్వాత బావగారు వెళ్లిపోతున్నారు అనుకుని ఆ రోజే లెక్క వేసి చూపించాను. పుస్తకాల్లో యంత్రాలు 5 లక్షలు, సరుకు 9 లక్షలు, రావాల్సిన బాకీలు 6 లక్షలు, బ్యాంకులో లక్ష. మొత్తం 21 లక్షలు. బ్యాంకు అప్పు 3 లక్షలు, వ్యాపారులకు ఇవ్వాల్సింది 2 లక్షలు తీస్తే 16 లక్షలు. అందులో బావగారి ఖాతా 12 లక్షలు, తీసుకోకుండా వదిలేసిన లాభంతో కలిపి బావమరిదిది 4 లక్షలు.

పుస్తకం ప్రకారం బావగారికి 12 లక్షలు ఇస్తే సరిపోతుందా? సరిపోదు. పుస్తకంలో ఉన్నవి పాత ధరలు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న 60 క్వింటాళ్ల కాయను క్వింటా 15,000కు కొన్నారు, ఇప్పుడు 18,000 పలుకుతోంది. అంటే 1,80,000 పెరిగింది. యంత్రాలకు ఇప్పుడు 4,60,000 కంటే రాదు, 40,000 తగ్గింది. బాకీల్లో 80,000 వస్తుందన్న నమ్మకం లేదు. పెరిగింది, తగ్గింది కలిపితే 60,000 లాభం. మిల్లుకు ఏర్పడిన పేరు, వాడుక ఖాతాదారులు కూడా ఒక ఆస్తే, దాన్నే గుడ్‌విల్ అంటాం. జీతం, వడ్డీ తీశాక మిగిలిన లాభానికి మూడేళ్ల సగటు ఎంతో అంత అని రాసుకున్నారు, అది 3 లక్షలు అనుకుందాం. మొత్తం 3,60,000. చెరి సగం 1,80,000. బావగారికి రావాల్సింది 13,80,000.

ధర ఎలా తీసుకోవాలో ముందే రాయకపోతే ఈ లెక్కలో ఒక్క అంకె కూడా నిలవదు. మిరపకాయ ధర రోజుకొక తీరు. తేజ రకం వేరు, 334 రకం వేరు. కొత్త కాయకు, కోల్డ్ స్టోరేజీలో నిలవ ఉన్న ఏసీ సరుకుకు ఒకే ధర రాదు. అందుకే ‘ఆ రకానికి, ఆ స్థితిలోని సరుకుకు, మార్చి 31కి ముందు గుంటూరు యార్డు నడిచిన చివరి పది రోజుల సగటు ధర’ అని రాశాం. యంత్రాలకు ఇద్దరూ ఒప్పుకున్న మనిషి కట్టిన విలువ. అనుమానపు బాకీలను కొట్టేయడం కంటే, వసూలైనప్పుడు చెరి సగం పంచుకోవాలని పెట్టడం మేలు. లేకపోతే వెళ్లేవారు 40,000 వదులుకుంటారు, మరుసటి నెల ఆ బాకీ వసూలైందని తెలిసి జీవితాంతం బాధపడతారు.

అంత సొమ్ము ఒకేసారి ఎక్కడి నుంచి తేవాలి?

బావమరిది అడిగిన ఈ ప్రశ్న చాలా న్యాయమైనది. మిల్లులో ఉన్న నగదు లక్ష రూపాయలే. 13,80,000 ఒకేసారి ఇవ్వాలంటే మిల్లు అమ్మాలి. కాబట్టి విడతలు రాయాలి. తొలి విడత 1,80,000 మూడు నెలల్లో, మిగిలిన 12 లక్షలు మూడు నెలలకొక లక్ష చొప్పున మూడేళ్లలో, మిగిలిన బాకీ మీద 9 శాతం వడ్డీతో. వరుసగా రెండు విడతలు తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలి. అప్పటి దాకా యంత్రాలను ఆయన అనుమతి లేకుండా అమ్మకూడదు.

వడ్డీ రాయకపోతే చట్టంలోని 37వ సెక్షన్ వెళ్లినవారికి రెండు దారులు ఇస్తుంది. లెక్క తేలే దాకా ఆయన సొమ్మును వాడుకున్నందుకు వచ్చిన లాభంలో వాటా, లేదా 6 శాతం వడ్డీ. ఏది కావాలో ఎంచుకునేది ఆయనే. నడిపేవారికి ఇది తల మీద కత్తి లాంటిది, ఎందుకంటే ఆయన ఏది ఎంచుకుంటారో చివరి దాకా తెలియదు.

వెళ్లిపోయాక మిల్లు అప్పులకు నా బాధ్యత ఉంటుందా?

పాత అప్పులకు ఉంటుంది. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేస్తేనే ఆ బాధ్యత పోతుంది. బావమరిది ‘అంతా నేనే కడతాను బావా’ అని డీడ్‌లో రాసి ఇచ్చినా బ్యాంకు మీద అది పని చేయదు. హామీ సంతకం పెట్టి ఉంటే, ఆ హామీని రద్దు చేసినట్టు బ్యాంకు ఇచ్చిన ఉత్తరం చేతికి వచ్చాకే చివరి కాగితం మీద సంతకం పెట్టండి.

కొత్త అప్పుల ప్రమాదం కూడా ఉంది. మీరు వెళ్లిన సంగతి బహిరంగంగా ప్రకటించే దాకా, సంస్థ పేరు మీద జరిగిన వాటికి మీరు కూడా బాధ్యులు కావచ్చు. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రార్‌కు నోటీసు, రాష్ట్ర గెజిట్‌లో, జిల్లాలో చదివే కనీసం ఒక తెలుగు పత్రికలో ప్రకటన ఇవ్వాలి. పత్రిక ప్రకటన ఖర్చు ఎవరు భరించాలో కూడా రాసుకున్నారు. చిన్న విషయమే, కానీ ఆ ఖర్చు దగ్గర ఆగిపోయిన ప్రకటనలు చూశాను.

మాలో ఒకరికి ఏదైనా జరిగితే?

ఈ ప్రశ్న బావమరిది వంచిన తల ఎత్తకుండా అడిగాడు. బావగారి భార్య బావమరిదికి సొంత అక్క. బావగారు లేని రోజున లెక్క అడగాల్సింది ఆవిడే.

వారసులు తమంతట తాము భాగస్వాములు కారు. సంస్థ రద్దవుతుంది, వారికి రావాల్సింది సొమ్ము. పైన చెప్పిన హక్కు, లెక్క, విడతలు ఇక్కడా వర్తిస్తాయని డీడ్‌లో స్పష్టంగా రాయాలి. విరమణకు, మరణానికి ఒక తేడా మాత్రం పెట్టించాను. మొదటి విడత నెల రోజుల్లోనే ఇవ్వాలి, ఎందుకంటే ఆ ఇంటికి అప్పుడే సొమ్ము అవసరం. లెక్కలు చూసే హక్కు ఆవిడకు, ఆవిడ పంపిన ఆడిటర్‌కు ఉంటుందని కూడా చేర్చాం. తమ్ముడిని నమ్మనందుకు కాదు. అక్క అడగడానికి మొహమాటపడకుండా ఉండాలని. కొడుకు వ్యాపారంలోకి రావాలనుకుంటే, ఇద్దరూ ఒప్పుకుంటే కొత్త డీడ్ రాసుకుని కొత్త సంస్థ పెట్టుకోవచ్చు.

వెళ్లినవారు పక్కనే ఇంకో మిల్లు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. సంస్థ పేరు మాత్రం వాడకూడదు, పాత ఖాతాదారుల దగ్గరికి వెళ్లి అడగకూడదు. పూర్తిగా పెట్టకూడదని అనుకుంటే కాలం, ప్రాంతం సమంజసంగా ఉండేలా రాయాలి. రెండేళ్లు, గుంటూరు నగరం అంటే నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ అంతటా ఎప్పటికీ అంటే నిలవదు.

డీడ్ రిజిస్టర్ చేయించడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కానీ చేయించండి. రిజిస్టర్ కాని సంస్థ తనకు రావాల్సిన బాకీ కోసం బయటివారి మీద దావా వేయలేదు. డీడ్‌లోని హక్కు కోసం ఒక భాగస్వామి రెండోవారి మీద కూడా వేయలేరు. సంస్థను రద్దు చేయమనో, రద్దయిన సంస్థ లెక్క తేల్చమనో అడగడానికి మాత్రం వీలుంటుంది. నోటరీ సంతకాన్నే రిజిస్ట్రేషన్ అనుకునేవారు చాలామంది. రెండూ ఒకటి కావు. రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ పరిధిలోని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర పేరు నమోదై, ఆ ధ్రువపత్రం చేతికి రావాలి.

మాకు ఇప్పటికే సంతకాలైన పాత డీడ్ ఉంది. మార్చుకోవచ్చా?

ఇద్దరూ ఒప్పుకుంటే ఎప్పుడైనా అనుబంధ డీడ్ రాసుకోవచ్చు. పాతదాంట్లో ఏ పేరా తీసేస్తున్నారో, దాని బదులు ఏది వస్తోందో చెప్పి, స్టాంపు కాగితం మీద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. ప్రతి పేజీ కింద కూడా సంతకం పెట్టండి. జీతం, వడ్డీ గురించిన మార్పులు ఆ డీడ్ తేదీ నుంచే పన్ను లెక్కలో చెల్లుతాయి, వెనక్కి పోవు. అందువల్ల మార్చాలనుకుంటే ఏప్రిల్ 1 తేదీతో మొదలుపెట్టండి. పుస్తకం మధ్యలో రెండు లెక్కలు నడపాల్సిన పని ఉండదు. బావ, బావమరిది కూడా ఆ తేదీకే సంతకాలు చేశారు. ఒక ప్రతి మిల్లులో, ఒకటి బావగారి దగ్గర, మూడోది అక్కగారి బీరువాలో ఉన్నాయి.